గాదె మీద 15 క్వింటాళ్ళని రాసుంటే ధాన్యం 15 పడతాయా? పడవు. కొలిచి చెప్తున్నా

ఈసారి పోస్టు కాస్త పొడుగు. చదివే ఓపిక లేనివాళ్ళు ఒక్క ముక్క పట్టుకెళ్ళండి: రేకు గాదె మీద రాసిన క్వింటాళ్ళు ధాన్యం క్వింటాళ్ళు కావు. ఆ అంకె నమ్మి ఎవరికైనా బాకీ తీర్చినా, ఎవరి దగ్గరైనా బాకీ రాబట్టినా ఒకరి నోట్లో మట్టి పడుతుంది. మా ఊళ్ళో పడింది. అందుకే రాస్తున్నా.

మా పక్క చేను ఎకరం నలభై సెంట్లు. ఆసామి రిటైరైన ఉద్యోగి, రాజమండ్రిలో ఉంటారు. ఆ చేను పదకొండేళ్ళుగా ఒకాయనే కౌలుకి చేస్తున్నాడు. సార్వాకి మక్తా 20 బస్తాలు. మన లెక్కలో బస్తా అంటే 75 కేజీలు కదా, 20 బస్తాలంటే 15 క్వింటాళ్ళు. ఆసామి గారికి ఊళ్ళో పాత ఇల్లుంది, వసారాలో గుండ్రటి రేకు గాదె ఉంది. కొన్నప్పుడు దాని మీద అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. 'కెపాసిటీ 15 క్వింటాళ్ళు' అని ఉంటుంది.

2024 సార్వాలో కోత అయ్యాక మన కౌలుదారు ధాన్యం నాలుగు రోజులు ఎండబెట్టాడు. స్వర్ణ రకం. రైతు సేవా కేంద్రంలో తేమ చూపిస్తే 14 శాతం వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టింది, కాటా ఇంకో కళ్ళంలో ఉండిపోయింది. ఆసామికి ఫోన్ చేస్తే ఆయనే అన్నారట, "కాటా ఎందుకయ్యా, గాదె నింపేయ్, అది పదిహేనే కదా" అని. ఈయన తట్టలతో మోయించి మూతి దాకా నింపించాడు, పైన చేత్తో సర్దించాడు, మూత పెట్టించాడు. మక్తా తీరిపోయిందనుకున్నాడు. మిగిలిన ధాన్యం అమ్ముకుని అప్పు కట్టుకున్నాడు.

వేసవిలో ఆసామి గారు గాదె తీయించి అమ్మారు. కాటా మీద 11 క్వింటాళ్ళ 40 కేజీలు తూగింది. అంటే 15కి 3 క్వింటాళ్ళ 60 కేజీలు తక్కువ. మన బస్తాల్లో అయిదుకి కాస్త తక్కువ. ఆ సీజను సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2300, అంటే 8,280 రూపాయల సరుకు. డబ్బు కన్నా మాట పెద్దదైంది. "పదకొండేళ్ళు నమ్మాను, గాదెలోంచి తోడుకున్నాడు" అన్నారు. ఈయనేమో "పిల్లల మీద ఒట్టు, మూతి దాకా పోశాను" అంటాడు. మూత తాళం ఆసామి తమ్ముడి దగ్గరే ఉంది. పెద్దల దగ్గర కూచున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలీక పెద్దలు కూడా రెండుగా చీలిపోయారు. నన్ను పిలిచేసరికి ఆలస్యమైంది. నేను టేపు పట్టుకుని వెళ్ళేసరికే చేను ఇంకొకరికి ఇచ్చేశారు.

ఇప్పుడు ఆ టేపు సంగతి చెప్తాను.

గుండ్రటి గాదెకి లోపల వ్యాసం కొలవాలంటే మనిషి దిగాలి. అక్కర్లేదు. బయట టేపు చుట్టండి. రేకు మందం ఎంతుంటుంది, లెక్కలోకి రాదు. నేను చుట్టితే చుట్టుకొలత 3 మీటర్ల 77 సెంటీమీటర్లు వచ్చింది. ధాన్యం నిలిచే ఎత్తు, అంటే అడుగు రేకు నుంచి పైన మెడ దాకా, 1 మీటరు 80 సెంటీమీటర్లు. చుట్టుకొలతని దానితోనే గుణించి, వచ్చినదాన్ని ఎత్తుతో గుణించి, 12.57తో భాగించండి. 3.77ని 3.77తో గుణిస్తే 14.21. దాన్ని 1.8తో గుణిస్తే 25.58. 12.57తో భాగిస్తే 2.035. అంటే ఈ గాదెలో జాగా రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. లీటర్లలో చెప్పాలంటే 2,035 లీటర్లు. ఈ 12.57 ఎక్కడిదని అడిగేవాళ్ళకి, అది పై విలువ 3.1416కి నాలుగు రెట్లు. ఇంటర్‌లో లెక్కలు తప్పినవాణ్ణి నేను, నాకే అర్థమైంది, మీకు కాకుండా ఎలా ఉంటుంది.

ఇక్కడి దాకా గొడవ లేదు. జాగా ఎంతో తెలిసింది. ఆ జాగాలో ఎన్ని కేజీలు పడతాయన్నది పోసే సరుకుని బట్టి ఉంటుంది. దీన్నే చదువుకున్నోళ్ళు బల్క్ డెన్సిటీ అంటారు. ఒక ఘనపు మీటరు జాగాలో, గింజకీ గింజకీ మధ్య గాలితో సహా, ఎంత బరువు పడుతుందన్న లెక్క. నీళ్ళైతే 1000 కేజీలు. బియ్యం 750 నుంచి 800 మధ్య. గోధుమ కూడా ఇంచుమించు అంతే. ధాన్యం అయితే 550 నుంచి 620 దాకా, మామూలుగా 580 దగ్గర ఆడుతుంది. పాత పద్ధతిలో అడుగుల్లో కొలిచేవాళ్ళకి చెప్పాలంటే, ఘనపు అడుగుకి ధాన్యం 16 నుంచి 17 కేజీలు, బియ్యం 22 కేజీల లెక్క.

ధాన్యం ఎందుకంత తేలిక? ఊక వల్ల. బియ్యపు గింజ నున్నగా ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటుంది. వడ్ల గింజకి పైన గరుకు పొట్టు, కొన్నిటికి మీసం. ఒకదాన్నొకటి తగులుకుని సందులు వదులుతాయి. పొట్టుకీ లోపలి బియ్యానికీ మధ్య కూడా ఖాళీ ఉంటుంది. ధాన్యం రాశిలో సుమారు సగం గాలే అంటే నమ్ముతారా? నిండుగా కనిపించే గాదెలో సగం మనం దాచుకుంటున్నది గాలేనండి.

ఇదంతా పుస్తకంలో లెక్క, మన ధాన్యానికి వర్తిస్తుందా అని ఒక పెద్దాయన అక్కడే అడిగారు. సబబైన ప్రశ్న. అందుకని పుస్తకం మీద వదిలేయలేదు. మా ఇంట్లో 20 లీటర్ల పెయింటు బకెట్టు ఒకటుంది. దాన్ని ముందు ఖాళీగా తూచాను. తర్వాత అంచు దాకా నీళ్ళు పోసి తూచాను. బకెట్టు బరువు తీసేస్తే నీళ్ళు 21 కేజీల 400 గ్రాములు. లీటరు నీళ్ళు కేజీ కాబట్టి, అంచు దాకా ఆ బకెట్టు 21.4 లీటర్లన్నమాట. చూశారా, 20 అని రాసుంటుంది, అంచు దాకా పోస్తే 20 కాదు. అందుకే రాసింది నమ్మకుండా నీళ్ళతో కొలవమంటున్నాను. తర్వాత బకెట్టు ఎండలో ఆరబెట్టి, అదే స్వర్ణ ధాన్యం, ఎండినది, జానెడు ఎత్తు నుంచి కదపకుండా పోసి, పైన కర్రతో అంచు వెంట గీసేశాను. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ 12 కేజీల 400కి అటూ ఇటూ వంద గ్రాములు. 12.4ని 21.4తో భాగిస్తే 0.579. అంటే ఘనపు మీటరుకి 579 కేజీలు. అదే బకెట్టులో బియ్యం పోశాను, 16 కేజీల 800 వచ్చింది. ఘనపు మీటరుకి 785.

ఇప్పుడు గాదె లెక్క ఎవరైనా చేసుకోవచ్చు. 2.035ని 579తో గుణిస్తే 1,178 కేజీలు. పదకొండు ముప్పావు క్వింటాళ్ళు. మక్తా లెక్కలో 15 బస్తాలు దాటి పావు కేజీ దాటని సంగతి కాదిది, 15 బస్తాల 53 కేజీలు. 20 బస్తాలు మాత్రం కానే కావు. బియ్యం పోస్తే అదే గాదెలో 2.035ని 785తో గుణించి 1,597 కేజీలు, అంటే 16 క్వింటాళ్ళకి మూడు కేజీలు తక్కువ. పైన కాస్త ఖాళీ వదిలితే కాగితం మీది 15కి సరిగ్గా సరిపోయింది. గోధుమ పోసినా అంతే.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ 15 అబద్ధం కాదు, మన పంటది కాదు, అంతే. ఈ రేకు గాదెలు మన దగ్గర పుట్టినవి కావు కదా. ఇలాంటి ఇంటి గాదెల నమూనాలు ఉత్తరప్రదేశ్‌లో హాపూర్ అనే ఊళ్ళోని ధాన్య నిల్వ సంస్థ నుంచి దేశమంతా వచ్చాయి. అది గోధుమ పండే నేల. అక్కడ గోధుమకి రాసిన అంకెని ఇక్కడ వడ్లు పండే నేలలో అలాగే అంటించి అమ్ముతున్నారనే నాకు అనిపిస్తోంది. ఎక్కడ మొదలైందన్నది పక్కన పెట్టండి, లెక్క మాత్రం గోధుమకో బియ్యానికో పొసుగుతుంది, ధాన్యానికి పొసగదు. ఆ కాగితం మీద 'దేనికి' అన్న ఒక్క మాట లేదు. ఆ మాట లేకపోవడమే పదకొండేళ్ళ కౌలు పోగొట్టింది.

గాదెలు అమ్మే షాపులో అడిగాను. పేరు రాయను, ఏ షాపైనా ఒకటే. "అందరూ అలాగే రాస్తారండి, మీరొక్కరే అడిగారు" అన్నాడు. ధాన్యం ఎంత పడుతుందయ్యా అంటే, "ఏముందండీ, పదిహేనుకి కాస్త తగ్గుతుంది" అన్నాడు. నూటికి ఇరవై పైగా తగ్గడం కాస్తా? కౌలు రైతుకి అది నాలుగైదు బస్తాలు. నూనె షాపులో లీటరు అడిగితే ముప్పావు పోసి "కాస్త తగ్గుతుంది" అంటే ఊరుకుంటామా?

అసలు ఈ తేడా మనకి తెలియంది కాదు. రోజూ కళ్ళ ముందు ఉన్నదే. ఒకప్పటి పెద్ద గోనె సంచి గుర్తు తెచ్చుకోండి. బియ్యం పోస్తే క్వింటాలు పట్టేది. అదే సంచిలో ధాన్యం పోస్తే 75 కేజీలు. మన గోదావరి జిల్లాల్లో ఎకరానికి ఇన్ని బస్తాలని చెప్పుకునే ఆ 75 సరిగ్గా ఈ లెక్కే. నా బకెట్టులో కూడా 12.4ని 16.8తో భాగించండి, 0.74 వస్తుంది. సంచి చెప్పినా బకెట్టు చెప్పినా మాట ఒకటే: బియ్యం నాలుగు పట్టే చోట ధాన్యం మూడు. గోనె సంచి దగ్గర ఎవడూ మోసపోడు. గాదె దగ్గరకొచ్చేసరికి మాత్రం సంచి లెక్క మర్చిపోయి రేకు మీది కాగితం చదువుతాం.

మన తాతలు ఈ తప్పు చేసేవాళ్ళు కాదు, ఎందుకంటే వాళ్ళు తూచేవాళ్ళు కాదు, కొలిచేవాళ్ళు. కుంచం జాగా కొలత. పురి జాగా కొలత. కుంచాలతో పోసి కుంచాలతో తీస్తే తేడా రాదు. ఇప్పుడు పోయడం జాగాతో, తీయడం కాటాతో. మధ్యలో బల్క్ డెన్సిటీ అనే మెట్టు ఒకటుందని ఎవరూ చెప్పలేదు. మిషన్ కోత వచ్చాక ధాన్యం చేలోంచి లారీకే పోతోంది, ఇంట్లో దాచేవాళ్ళు తగ్గారు, ఆ చూపు కూడా పోయింది. తినడానికీ, విత్తనానికీ, ధర కోసం ఆగడానికీ, ఇదిగో ఇలా మక్తాకీ దాచేవాళ్ళం ఇంకా ఉన్నాం కదా.

ఇక పెద్దల దగ్గర వచ్చిన అడ్డు ప్రశ్నలు.

"తొక్కి నింపితే పదిహేను పడుతుంది" అన్నాడొకాయన. అదీ చూశాం. అదే బకెట్టుని పోస్తూ నేలకేసి తట్టుతూ, దిగినంత దిగాక మళ్ళీ పోస్తూ నింపితే 13 కేజీల 300 పట్టింది. దాంతో గాదె లెక్క కడితే 12 క్వింటాళ్ళ 65 కేజీలు. అంటే ఎంత తట్టినా, ఎంత తొక్కినా 15 రాదు. లోతు గాదెలో పై బరువుకి కింద ధాన్యం కాస్త దిగుతుంది నిజమే. అందుకని నా 579 మీద వందకి రెండు మూడు వేసుకోండి, తప్పు లేదు. అంతకు మించి వేసుకోవద్దు.

"అయితే పదకొండు ముప్పావు ఉండాలిగా, పదకొండు నలభైయే ఎందుకు వచ్చింది, ఆ తేడా అయినా తోడుకున్నదేగా" అన్నారు ఆసామి తమ్ముడు. ఇది మంచి ప్రశ్న, కాస్త నిలబడి చెప్పాలి.

ధాన్యం పైనుంచి పోస్తే నీళ్ళలాగ సమంగా పరుచుకోదు, కుప్పగా నిలుస్తుంది. మధ్యలో పొడుగ్గా, అంచుల్లో పల్లంగా. వాలు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈ గాదెలో మధ్య మూతి నుంచి పోసి అసలు సర్దకుండా వదిలేస్తే, కుప్ప కొన మూతిని తాకేసరికి అంచు చుట్టూ ఇంకా మూరెడు లోతు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ లెక్క కడితే సుమారు మూడో వంతు ఘనపు మీటరు, అంటే క్వింటాలు ముప్పావు పైన, దగ్గర దగ్గర రెండు. పైనుంచి చూస్తే గాదె నిండిపోయినట్టే కనిపిస్తుంది. మన కౌలుదారు చేత్తో సర్దించాడు కాబట్టి అంత పోలేదు, కానీ మూతిలోంచి చెయ్యి అందేంత వరకే సర్దగలరు. అంచు మూలల్లో కొంత ఖాళీ ఉండే ఉంటుంది.

రెండోది తేమ. పోసినప్పుడు 14 శాతం. వేసవిలో తీసేటప్పుడు అదే మీటరు మీద 12న్నర చూపించింది. ఆరిన నీళ్ళ బరువు పోయింది, గింజ పోలేదు. దీని లెక్క కూడా తేలికే. వందలోంచి తేమ శాతం తీసేస్తే గింజలో గట్టి సరుకు. తీసినప్పుడు వందకి 87న్నర గట్టి సరుకు, పోసినప్పుడు 86. 11.4ని 87.5తో గుణించి 86తో భాగిస్తే 11.6. అంటే వేసవిలో 11 క్వింటాళ్ళ 40 తూగిన ధాన్యం, పోసిన రోజున 11 క్వింటాళ్ళ 60. మిగిలిన తేడా 18 కేజీలు. మూలల ఖాళీకీ, తట్టల్లోంచి నేల రాలినదానికీ అది సరిపోయింది. ఎవరూ తోడుకోలేదు. తోడుకోవడానికి ఆ గాదెలో ఎప్పుడూ 15 లేవు.

ఈ తేమ దగ్గర ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. కొనుగోలుకి 17 శాతం తేమ దాకా తీసుకుంటారు కదా అని 17 మీద గాదెలో పోసేవాళ్ళున్నారు. 17 అనేది మిల్లుకి వెళ్ళే ధాన్యానికి, నెలల తరబడి రేకులో మూసిపెట్టే ధాన్యానికి కాదు. రేకు గాదెకి ఊపిరాడదు. లోపల వేడి పుట్టి గడ్డ కడుతుంది, బియ్యం పసుపుపచ్చగా వస్తుంది, వాసన కొడుతుంది. చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగిలితే వెంటనే తీసి ఎండబెట్టాలి. నిల్వకి 14కి మించొద్దు, విత్తనానికి 12, 13. పైగా పచ్చి ధాన్యం అదే బకెట్టులో కాస్త బరువెక్కువ తూగుతుంది. "నా గాదె ఎక్కువ పట్టింది" అని సంబరపడకండి. 17 మీద పది క్వింటాళ్ళు పోస్తే 13కి వచ్చేసరికి 9 క్వింటాళ్ళ 54 కేజీలే మిగులుతుంది. ఆ 46 కేజీలు నీళ్ళు.

తాలు సంగతి కూడా బకెట్టే చెప్తుంది. సరిగ్గా ఎగరబోయని ధాన్యం బకెట్టు తూకం తక్కువ చూపిస్తుంది. మా ఇంట్లోనే దోమ కొట్టిన మడి ధాన్యం ఒకసారి 11 కేజీల 300 తూగింది, అదే బకెట్టు. అంటే ఘనపు మీటరుకి 528. ఆ ధాన్యంతో గాదె నింపితే పదకొండు కూడా దాటదు. అందుకని నా 579ని మీ ధాన్యానికి అంటించుకోవద్దు. సన్న పొడుగు గింజకి ఒకలా ఉంటుంది, పొట్టి లావు గింజకి ఒకలా ఉంటుంది. 1010కీ స్వర్ణకీ ఒకే అంకె రాదు. మీ బకెట్టు, మీ ధాన్యం, మీ కాటా. పది నిమిషాల పని.

"ఇంత తంటా ఎందుకు, కాటా వేసుకుంటే పోలా" అని కామెంట్లలో రాస్తారని తెలుసు. వేసుకోండి, అదే మంచిది, బాకీ తీర్చేటప్పుడు కాటా వేయకుండా ఎవరూ పోయకండి. కానీ గాదె కొనేటప్పుడు కాటా ఏం చెప్తుంది? ఇరవై బస్తాలు దాచాలని 15 క్వింటాళ్ళ గాదె కొని ఇంటికి తెస్తే, నాలుగైదు బస్తాలు వసారాలో ఎలుకల పాలు. ఆ ఇరవై బస్తాలు పట్టాలంటే జాగా ఎంత కావాలో తిరగేసి చూడండి. 1500ని 579తో భాగిస్తే 2.59 ఘనపు మీటర్లు. పైన సర్దుబాటుకి కాస్త ఖాళీ కలిపి 2,700 లీటర్ల గాదె కావాలి. షాపు భాషలో అది 20 క్వింటాళ్ళ గాదె. ఇరవై బస్తాలకి ఇరవై క్వింటాళ్ళ గాదె, ఇలా గుర్తుపెట్టుకుంటే తేలిక.

ఇంకొకటి, బియ్యం ఆడించి పోసుకునేవాళ్ళకి. ఆ వసారా గాదె నిండా ధాన్యం, పదకొండు ముప్పావు క్వింటాళ్ళు, మిల్లుకి వేస్తే వందకి 67 లెక్కన బియ్యం 7 క్వింటాళ్ళ 90 వస్తుంది. అది మళ్ళీ అదే గాదెలో పోస్తే సగానికి నిలుస్తుంది. మిల్లువాడు సగం మింగేశాడని కొట్లాటకి వెళ్ళకండి. ఊక పోయింది, తవుడు పోయింది, ఊక పట్టుకున్న గాలి పోయింది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. గాదె తయారుచేసేవాళ్ళు లీటర్లు రాయండి. దాని కింద ధాన్యం ఇన్ని క్వింటాళ్ళు, బియ్యం ఇన్ని క్వింటాళ్ళు అని రెండు వరసలు విడివిడిగా రాయండి. ఎక్కువ తక్కువలుంటాయి కాబట్టి 'సుమారు' అని పెట్టుకోండి, ఎవరూ కాదనరు. నీళ్ళ ట్యాంకు మీద లీటర్లు రాసేవాళ్ళకి గాదె మీద లీటర్లు రాయడం చేతకాదా? సబ్సిడీ మీద గాదెలు ఎప్పుడిచ్చినా, ఆ రెండు వరసలు లేని గాదె మన డెల్టాలో దింపొద్దని వ్యవసాయ అధికారుల్ని మనమే అడగాలి.

పెద్దలు చివరికి ఏం తేల్చారంటే, మక్తా 15 క్వింటాళ్ళు, పోసింది 11 క్వింటాళ్ళ 60, ఇంకా ఇవ్వాల్సింది 3 క్వింటాళ్ళ 40, అంటే నాలుగున్నర బస్తాలు. కౌలుదారు ఒప్పుకున్నాడు. బాకీ బాకీయే, దొంగతనం కాదు, ఆ రెండూ వేరు. వచ్చే సార్వాలో తన సొంత అరెకరంలోంచి కాటా వేసి ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆసామి గారు కూడా అందరి ముందూ "తోడుకున్నావన్న మాట తప్పే" అన్నారు. చేను మాత్రం తిరిగి రాలేదు, కొత్తాయనకి మాట ఇచ్చేశారు.

ఆ గాదె ఇంకా ఆ వసారాలోనే ఉంది. కాగితం గీకేసి నల్ల ఎనామిల్ పెయింటుతో నేనే రాశాను: '2035 లీటర్లు. ధాన్యం పదకొండున్నర క్వి. బియ్యం పదిహేనున్నర క్వి. సర్ది పోస్తేనే.' మీ ఇంట్లో గాదె ఉంటే చుట్టుకొలత, ఎత్తు, బకెట్టు తూకం, రకం పేరు కామెంట్లో పెట్టండి, పురి ఉన్నవాళ్ళు కూడా. లెక్క కట్టి చెప్తాను. కాకపోతే రాత్రి తొమ్మిది దాటాకే, పగలు నారుమడి పనుంది.